ఇన్‌కమ్ సర్టిఫికెట్ మీద అంకె కాదు, అది ఎవరి ఆదాయమో అడగండి



స్కాలర్‌షిప్ అప్లికేషన్లు తెరిచిన ప్రతిసారీ గ్రూపులో రెండు మాటలు కనపడతాయి. ఒకటి, "అన్నా, ఇన్‌కమ్ ఎక్కువ ఉందని రిజెక్ట్ అయింది." రెండోది, దాని కింద ఎవరో ఒకరు ఇచ్చే సలహా, "నలభై వేలు వేయించుకో తమ్ముడూ, అయిపోద్ది." ఈ రెండు మాటల మీదే ఈ పోస్టు. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు హాస్టళ్లలో ఉండి చదువుకునే మనవాళ్లకు, అంటే యానాది, ఎరుకల, సుగాలి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు, నిజంగా రెండున్నర లక్షలు దాటిన ఆదాయం ఉండటం చాలా అరుదు. అయినా అప్లికేషన్లు ఆగిపోతున్నాయి. ఎందుకంటే అక్కడ లెక్కలోకి వచ్చింది మన అమ్మానాన్నల ఆదాయం కాదు, వేరే ఎవరిదో. లేదా సర్టిఫికెట్ వేరే మండలానిది. లేదా వేరే సంవత్సరానిది. వీటిలో ఏదీ నలభై వేలు వేయించుకుంటే సరయ్యేది కాదు.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తా. తక్కువ అంకె కోసం తిరగడం మానేసి, సరైన అంకె కోసం తిరుగుదాం. రిజెక్ట్ అంటే "ఎవరి ఆదాయం లెక్కేశారు?" అని కాగితం మీద అడుగుదాం. ఎందుకంటే రూల్ మన వైపే ఉంది.

ముందుగా సంతకం సంగతి.

ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇచ్చే అధికారం తహసీల్దార్‌ది. మనం ఎమ్మార్వో ఆఫీసు అంటున్నది అదే. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో కూడా అదే ఉంది: సొంతంగా పని చేసుకునే తల్లిదండ్రులైతే తహసీల్దార్ స్థాయికి తగ్గని రెవెన్యూ అధికారి ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. నెల జీతం మీద పనిచేసే వాళ్లయితే జీతం ఇచ్చే చోటి నుంచి సర్టిఫికెట్ కావాలి. జీతం కాకుండా ఇంకేదైనా రాబడి ఉంటే అప్పుడు మళ్లీ రెవెన్యూ అధికారి దగ్గరికే వెళ్లాలి. కాబట్టి సర్పంచ్ లెటర్, నోటరీ అఫిడవిట్, గెజిటెడ్ ఆఫీసర్ సంతకం, వీఆర్వో రాసిచ్చిన చీటీ, ఇవేవీ ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావు. వీఆర్వో విచారణ చేస్తాడు, ఆర్ఐ చూస్తాడు, చివర డిజిటల్ సంతకం తహసీల్దార్‌ది. మనం అప్లై చేసేది గ్రామ సచివాలయంలో గానీ వార్డు సచివాలయంలో గానీ, లేదా మీసేవలో. 2025 జనవరి నుంచి మన మిత్ర వాట్సాప్‌లో కూడా రెవెన్యూ సర్టిఫికెట్లకు దారి పెట్టారు. ఎక్కడ పెట్టినా ఫైలు చివరికి చేరేది తహసీల్దార్ లాగిన్‌కే.

ఏ తహసీల్దార్ అన్నదే మన ఏరియాలో అసలు చిక్కు. హాస్టల్ తెనాలిలో ఉంది కదా అని తెనాలి వార్డు సచివాలయానికి వెళ్తారు కొందరు. మనం చదువుకునేది అక్కడ, కానీ ఇల్లు అక్కడ కాదు. తల్లిదండ్రుల కుటుంబం ఏ మండలంలో ఉంటుందో ఆ మండలం తహసీల్దారే విచారణ చేయగలడు. ఎందుకంటే ఆ ఇంటిని చూసి, పక్కవాళ్లను అడిగి, సంపాదన ఎంతో చెప్పాల్సింది ఆ ఊరి వీఆర్వోనే. నిజాంపట్నం మండలంలో ఉన్న ఇంటి ఆదాయాన్ని తెనాలిలో కూర్చున్న వీఆర్వో ఎట్లా చెబుతాడు?

దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకుముందు తెనాలి, బాపట్ల, రేపల్లె అన్నీ గుంటూరు జిల్లానే. ఆ రోజు నుంచి బాపట్ల వేరే జిల్లా అయింది, రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. వేమూరు, కొల్లూరు, భట్టిప్రోలు వైపు పిల్లలకు తెనాలి ఎంత దగ్గరో తెలిసిందే, బజారుకు వచ్చినా ఆసుపత్రికి వచ్చినా అక్కడికే. కానీ జిల్లా మాత్రం బాపట్ల. అందుకని పదో తరగతి నాటి కాగితాల మీద గుంటూరు జిల్లా అని, కొత్త ఇన్‌కమ్ సర్టిఫికెట్ మీద బాపట్ల జిల్లా అని ఉంటుంది. రెండూ నిజమే. కాలేజీలో వెరిఫై చేసే వాళ్లు "జిల్లాలు కలవట్లేదు" అన్నారంటే కంగారు పడి మళ్లీ కొత్త సర్టిఫికెట్లకు పరిగెత్తొద్దు. ఊరు, మండలం అవే కదా, జిల్లా 2022లో మారిందని ఒక్క వాక్యం రాసి, రెండు కాగితాలూ జత చేసి ఇవ్వండి. అప్లికేషన్‌లో మాత్రం ఇప్పటి జిల్లానే ఎంచుకోండి, ఇన్‌కమ్ సర్టిఫికెట్‌లో ఏముందో అదే.

ఇంకో రకం కూడా ఉంది. మన యానాది ఇళ్లలో ఇది ఎక్కువ. బియ్యం కార్డు ఒక ఊళ్లో ఉంటుంది, ఇంటిల్లిపాదీ రొయ్యల చెరువు కాపలాకో, లంక తోటల్లో పనికో వేరే మండలంలో గుడిసె వేసుకుని ఉంటారు. అక్కడి సచివాలయంలో "మీ కార్డు ఇక్కడ లేదు" అంటారు. కార్డు ఉన్న ఊరి వీఆర్వో "మీరు ఇక్కడ ఉండట్లేదు" అంటాడు. రెండు ఊళ్లూ కాదంటే మనం ఏ రాష్ట్రం పోవాలి? సచివాలయం రికార్డులో మన కుటుంబం ఏ క్లస్టర్ కింద నమోదై ఉందో అక్కడే అప్లై చేయడం ప్రస్తుతానికి త్వరగా తేలే దారి. విచారణ రోజు అమ్మో నాన్నో ఆ ఊళ్లో ఉండేలా చూసుకోండి. ఇల్లు శాశ్వతంగా మారిపోయినట్టయితే స్కాలర్‌షిప్ సీజన్ వచ్చేదాకా ఆగకుండా ముందే కార్డు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ కొత్త ఊరికి మార్పించుకోండి. నా అభిప్రాయం మాత్రం ఇది: కూలి కోసం తిరిగే కుటుంబానికి తిరగడమే బతుకు అయినప్పుడు, "ఇక్కడ లేరు" అనేది తిరస్కరించే కారణం కాకూడదు. వీఆర్వో పక్క మండలం వీఆర్వోకి ఒక ఫోన్ చేస్తే తేలే పనికి మనిషిని రెండు కూలి రోజులు పోగొట్టుకోమనడం అన్యాయం.

ఇప్పుడు అసలు విషయం. ఎవరి ఆదాయం?

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి ఎస్టీ విద్యార్థి తల్లిదండ్రుల వార్షిక ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. ఇక్కడ "తల్లిదండ్రుల" అన్న మాటను గుర్తుపెట్టుకోండి. కేంద్ర నిబంధనల్లో దీన్ని ఇంకా విడమరిచి రాశారు. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు బతికి ఉన్నా, వాళ్ల ఆదాయం మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి, ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తున్నా అది లెక్కలోకి రాదు. పెళ్లయి ఉద్యోగం లేని అమ్మాయి అయితే భర్త ఆదాయం చూస్తారు. తల్లీ తండ్రీ ఇద్దరూ లేకపోతేనే, చదివిస్తున్న గార్డియన్ ఆదాయం చూస్తారు.

అంటే అన్న జీతం రాదు. తాత పింఛను రాదు. అదే ఇంట్లో ఉండే బాబాయి సంపాదన రాదు.

ఇది ఎంత తేడా తెస్తుందో ఒక లెక్క చేసి చూద్దాం. నిజాంపట్నం మండలంలో ఒక కుటుంబం అనుకుందాం. కూతురు తెనాలిలో డిగ్రీ, ఎస్టీ హాస్టల్లో ఉంటుంది. నాన్న రొయ్యల చెరువు మీద కాపలా. నెలకు 12,000. కానీ పన్నెండు నెలలూ ఉండదు, పంట ఉన్న ఎనిమిది నెలలే. అంటే 96,000. మిగతా నాలుగు నెలలు పీతలు, చేపలు పట్టుకుంటే నెలకు ఆరు వేల లెక్కన 24,000. అమ్మ పొలం పనికి పోతుంది, ఏడాదిలో 110 రోజులు, రోజుకు 350 చొప్పున 38,500. మొత్తం కలిపితే 1,58,500. రెండున్నర లక్షల కంటే చాలా కింద ఉంది.

ఇప్పుడు అన్న ఉన్నాడు. ఇంటర్‌తో ఆపేసి హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగా నెలకు 16,000 తెచ్చుకుంటున్నాడు. ఏడాదికి 1,92,000. బియ్యం కార్డులో ఇంకా నలుగురి పేర్లూ కలిసే ఉన్నాయి. సచివాలయంలో అడిగినప్పుడు నాన్న నిజాయితీగా "పెద్దోడు కూడా సంపాదిస్తున్నాడు సార్" అని చెబుతాడు. రెండూ కలిపి 3,50,500 అని రాసేస్తారు. లక్షకు పైగా దాటిపోయింది. స్కాలర్‌షిప్ పోయింది. పిల్ల ఫీజు ఇంటి మీద పడింది. అన్న ఆ పదహారు వేలలో రూమ్ అద్దె, తిండి పోను ఇంటికి ఎంత పంపుతాడో ఎవరూ అడగలేదు. నిబంధన ప్రకారం అయితే అసలు అడగక్కర్లేదు, ఎందుకంటే అది లెక్కలోకే రాదు.

ఇట్లాంటి చోట "నలభై వేలు వేయించుకో" అనే సలహా ఎందుకు తప్పో చూడండి. ఈ ఇంటికి 1,58,500 అని రాసినా స్కాలర్‌షిప్ వస్తుంది. నలభై వేలు రాసినా వచ్చేది అంతే, ఒక్క రూపాయి ఎక్కువ రాదు. కానీ నలభై వేలు అంటే నలుగురు మనుషులకు నెలకు 3,300. వెరిఫికేషన్‌లో ఎవరైనా అడిగితే నిలబడదు. పోయినేడు తమ్ముడికి లక్షా ఇరవై వేలని తీసుకున్న సర్టిఫికెట్, ఈ ఏడు అక్కకు నలభై వేలని తీసుకున్న సర్టిఫికెట్, రెండూ అదే నాన్న పేరు మీద ఉంటాయి. అప్పుడు అనుమానం రెండింటి మీదా పడుతుంది. పైగా మనం అప్లికేషన్‌తో ఇచ్చే డిక్లరేషన్ మీద సంతకం నాన్నది. చదువు రాని నాన్న చేత అబద్ధం మీద వేలిముద్ర వేయించి మనం కాలేజీకి పోవడం నాకు నచ్చదు. అవసరం ఉంటే ఏమో అనుకోవచ్చు, ఇక్కడ అవసరం కూడా లేదు.

కాబట్టి సచివాలయానికి వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని పైన చేసినట్టు లెక్క ఒక తెల్లకాగితం మీద రాయండి. ఎవరు, ఏ పని, ఎన్ని నెలలు లేక ఎన్ని రోజులు, ఎంత చొప్పున. అమ్మానాన్నలది మాత్రమే. కింద "స్కాలర్‌షిప్ కొరకు, తల్లిదండ్రుల ఆదాయం" అని స్పష్టంగా రాయండి. నెల ఆదాయం, సంవత్సర ఆదాయం తారుమారు కాకుండా చూసుకోండి. నాన్న "పన్నెండు వేలు" అంటే, పన్నెండు నెలలకీ గుణించేస్తారు, లేదా ఒక్కోసారి ఏడాదికే 12,000 అని కొట్టేస్తారు. రెండూ తప్పే. ఆ కాగితం వీఆర్వో చేతికి వెళ్తే, ఆయన నోటికొచ్చిన అంకె వేయడానికి బదులు మనం ఇచ్చిన లెక్కను చూస్తాడు, కాదంటే ఎక్కడ కాదో చెబుతాడు.

ఒక హద్దు కూడా చెప్పాలి. పైన చెప్పింది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రూల్. అన్ని స్కీముల్లోనూ ఇదే ఉండదు. ఐఐటీ, ఎన్ఐటీ లాంటి పేర్కొన్న సంస్థల్లో చదివే ఎస్టీ పిల్లలకు కేంద్రం ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్‌లో హద్దు ఆరు లక్షలు, అక్కడ మాట కుటుంబ ఆదాయం. దానికి అప్లై చేసేది scholarships.gov.in లో. మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్, మెస్ ఛార్జీలు నడిచేది jnanabhumi.ap.gov.in లో. ఈ రాష్ట్ర పథకానికి 2019 నవంబర్‌లో విద్యా దీవెన పేరుతో జీవో ఇచ్చినప్పుడు ఆదాయం రెండున్నర లక్షలతో పాటు ఇంకొన్ని షరతులు పెట్టారు. మాగాణి పది ఎకరాల లోపు, మెట్ట ఇరవై ఐదు ఎకరాల లోపు ఉండాలి. ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉండకూడదు, కానీ పారిశుధ్య కార్మికులకు మినహాయింపు ఉంది. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు, కానీ టాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు ఉంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. తర్వాత ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, మనం మళ్లీ ఆర్టీఎఫ్, ఎంటీఎఫ్ అనే అంటున్నాం. కానీ ఆధార్ నంబర్‌తో రికార్డులు వెతికి చూసే పద్ధతి అలవాటైపోయింది.

ఇక్కడే ఇంకో రకం రిజెక్షన్ పుడుతుంది. సర్టిఫికెట్ సరిగ్గానే ఉంటుంది, కానీ రికార్డులో మన నాన్న ఆధార్‌కి ఎవరిదో పొలం లింక్ అయి ఉంటుంది. అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్న వేరే మనిషి పొలం. సెంటు భూమి లేని ఇంటికి పన్నెండు ఎకరాలు చూపిస్తుంది. లేదా ఎప్పుడో డ్రైవింగ్ చేసే రోజుల్లో నాన్న పేరు మీద ఓనర్ రాయించుకున్న కారు ఇంకా నాన్న పేరు మీదే ఉంటుంది. ఇలాంటప్పుడు ఎన్ని ఇన్‌కమ్ సర్టిఫికెట్లు తెచ్చినా లాభం లేదు, ఎందుకంటే జబ్బు అక్కడ లేదు. పొలం సంగతి అయితే ఆ ఖాతా నంబర్ అడిగి తెలుసుకుని, ఆ 1-బి కాపీ తీసుకుని, ఆ ఖాతా మాది కాదు, ఆధార్ తొలగించండి అని ఆ పొలం ఉన్న మండలం తహసీల్దార్‌కి అర్జీ పెట్టాలి. బండి అయితే ఫారం 29, ఫారం 30 తో రవాణా ఆఫీసులో ఓనర్‌షిప్ మార్పించుకోవాలి. అమ్మిన మనిషి, కొన్న మనిషి ఇద్దరి సంతకాలూ కావాలి. ఇది వారంలో అయ్యే పని కాదు. అందుకే సెలవులకు ఇంటికి పోయినప్పుడే సచివాలయంలో "మా కుటుంబం మీద రికార్డులో ఏమేం చూపిస్తుంది?" అని ఒకసారి అడిగి చూడండి.

ఇక మూడోది, ఎన్నాళ్లు చెల్లుతుంది అనేది.

గ్రూపులో ఒకరు ఏడాది అంటారు, ఒకరు నాలుగేళ్లు అంటారు, ఒకరు కార్డు ఉంటే చాలు సర్టిఫికెట్టే అక్కర్లేదు అంటారు. గొడవంతా ఎందుకంటే, చెల్లుబాటు అనేది కాగితంలో ఉండదు, అడిగే స్కీమ్‌లో ఉంటుంది. అదే సర్టిఫికెట్ ఒక చోట చెల్లుతుంది, ఇంకో చోట చెల్లదు. అందుకని రెండు చోట్ల చదవాలి: సర్టిఫికెట్ మీద ఏ తేదీ, ఏ సంవత్సరం ఆదాయం అని ఉందో, నోటిఫికేషన్‌లో ఏ సంవత్సరం ఆదాయం కావాలని అడిగారో. ఈ రెండూ కలవాలి.

కలవకపోవడానికి ముఖ్య కారణం మన క్యాలెండర్, ఆఫీసు క్యాలెండర్ వేరు కావడం. మనకు సంవత్సరం అంటే జూన్‌లో మొదలవుతుంది. వాళ్లకు ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న అయిపోతుంది. ఎవరైనా మార్చి 20న సర్టిఫికెట్ తీసుకుని ఆగస్టులో అప్లికేషన్ పెడితే, మన దృష్టిలో అది అయిదు నెలల కాగితం. "ఈ ఆర్థిక సంవత్సరంలో ఇచ్చినది" అని అడిగే చోట మాత్రం అది పోయిన సంవత్సరం కాగితం, చెల్లదు. అదే ఏప్రిల్ 5న తీసుకుని ఉంటే మరుసటి మార్చి దాకా పనికొచ్చేది. పదిహేను రోజుల తేడా. అందుకే కొత్తగా ఇంటర్, డిగ్రీ, డిప్లొమాలో చేరబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు మార్చిలో తొందరపడకుండా ఏప్రిల్‌లోనో మేలోనో అప్లై చేసుకోండి. అప్పుడు ఎండాకాలం సెలవులు, మనం ఇంటి దగ్గరే ఉంటాం. ఆగస్టులో అందరూ ఒకేసారి పడే రద్దీ కూడా ఉండదు.

అయితే రెండో ఏడు, మూడో ఏడు చదివేవాళ్లు ప్రతి సంవత్సరం కొత్త సర్టిఫికెట్ తేవాలా? కేంద్ర నిబంధన ఏమంటుందంటే, ఒక ఏడాదికి మించి సాగే కోర్సుల్లో ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఒక్కసారే, అడ్మిషన్ అప్పుడే తీసుకోవాలి. డిగ్రీ మూడేళ్లయినా, ఇంజనీరింగ్ నాలుగేళ్లయినా ఒకటే. ఈ వాక్యం రాసినవాళ్లకు మన బతుకు తెలుసు అనిపిస్తుంది. ఒక సర్టిఫికెట్ అంటే సచివాలయానికి ఒక రోజు, వీఆర్వో కోసం ఒక రోజు, మళ్లీ ప్రింటుకు ఒక రోజు. అమ్మకి రోజుకు 350 పోతే మూడు రోజులకు వెయ్యి దాటుతుంది. రేపల్లె నుంచి నిజాంపట్నం నుంచి బస్సు ఛార్జీలు అదనం. ప్రతి రెన్యువల్‌కీ ఇదంతా ఎందుకు? కాలేజీలో అడిగితే మర్యాదగానే చెప్పండి, "సార్, పోస్ట్ మెట్రిక్ నిబంధనల్లో అడ్మిషన్ టైములో ఒకసారే అని ఉంది, మొదటి ఏడాది ఇచ్చిన సర్టిఫికెట్ మీ దగ్గర ఉంది." అయినా ఆ ఏడాది నోటిఫికేషన్‌లో కొత్తది అడిగి ఉంటే తెచ్చి ఇవ్వండి, గడువు దాటించుకోవద్దు. గొడవ తర్వాత అందరం కలిసి పెట్టుకోవచ్చు. ఈ నిబంధన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ది మాత్రమే, బ్యాంకు లోన్‌కో ట్రస్టు స్కాలర్‌షిప్‌కో ఇది చూపిస్తే పని జరగదు.

ఇంకో నిబంధన ఉంది, చాలామందికి తెలియదు, తెలియాల్సిన ఇళ్లు మన దగ్గర ఎక్కువ. సంపాదించే తల్లో తండ్రో మధ్యలో చనిపోయి, దానివల్ల ఆదాయం హద్దు లోపలికి వస్తే, ఆ నెల నుంచే స్కాలర్‌షిప్‌కి అర్హత వస్తుంది. చివరి తేదీ అయిపోయినా అలాంటి అప్లికేషన్‌ను మానవతా దృష్టితో పరిగణించవచ్చని రాశారు. నాన్న పోయిన ఇంట్లో మూడు నెలలు ఎవరికీ స్కాలర్‌షిప్ గుర్తుకు రాదు, గుర్తొచ్చేసరికి పోర్టల్ మూసేసి ఉంటుంది. అక్కడితో వదిలేయొద్దు. మరణ ధ్రువపత్రం, అమ్మ పేరు మీద కొత్త ఇన్‌కమ్ సర్టిఫికెట్, ఒక అర్జీ, ఈ మూడూ జిల్లా గిరిజన సంక్షేమ అధికారి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. చనిపోయిన నాన్న పేరు మీద ఉన్న పాత సర్టిఫికెట్ మాత్రం పెట్టొద్దు, అది ఖాయంగా ఆగుతుంది.

సరే, ఇంత చేసినా రిజెక్ట్ అయింది అనుకోండి. అప్పుడేం చేయాలి?

ముందు ఏది రిజెక్ట్ అయిందో తెలుసుకోండి. ఇన్‌కమ్ సర్టిఫికెట్ అప్లికేషన్ రిజెక్ట్ కావడం వేరు, స్కాలర్‌షిప్ అప్లికేషన్ రిజెక్ట్ కావడం వేరు. మొదటిది తహసీల్దార్ ఆఫీసుతో తేలుతుంది. రెండోది కాలేజీలోనో, సచివాలయం వెరిఫికేషన్‌లోనో, సంక్షేమ శాఖలోనో ఆగి ఉంటుంది. లాగిన్‌లో స్టేటస్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. అక్కడ రాసిన కారణం యథాతథంగా కాగితం మీద రాసుకోండి. "ఇన్‌కమ్ ఎక్కువ" అని నోటితో చెబితే, "ఎంత చూపిస్తుంది సార్, అందులో ఎవరెవరిది కలిసింది?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో సగం కేసులు అక్కడే తేలతాయి. అన్న జీతం కలిసిందంటే రూల్ చూపించి కొత్త విచారణ అడగవచ్చు. పొలం కనపడితే తహసీల్దార్ దారి. పేరు స్పెల్లింగ్ తేడా అంటే ఆధార్‌లో ఉన్నట్టే సర్టిఫికెట్ మళ్లీ తీసుకోవడం. ఇంటిపేరు పూర్తిగా రాసిన చోట ఒకటి, ఒక్క అక్షరం రాసిన చోట ఒకటి అయితే కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులే.

కారణం చెప్పకపోతే అర్జీ రాసి ఇవ్వండి, రెండు కాపీలు, ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. ఇల్లు రేపల్లె వైపు అయితే బాపట్ల కలెక్టరేట్‌కి, తెనాలి మండలం అయితే గుంటూరు కలెక్టరేట్‌కి. ఇక్కడ కూడా పాత అలవాటుతో గుంటూరు పోయి ఒక రోజు పోగొట్టుకోవద్దు. అదీ తేలకపోతే సమాచార హక్కు చట్టం కింద "నా అప్లికేషన్ తిరస్కరించిన కారణం, విచారణ నివేదిక కాపీ ఇవ్వండి" అని అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, పేదరికపు రేఖ కింద ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

చివరగా నా మాట. రెండున్నర లక్షల హద్దు 2013 నుంచి అక్కడే ఉంది. అప్పటి కూలి ఎంత, ఇప్పటి కూలి ఎంత? అమ్మా నాన్నా ఇద్దరూ చెరో 450 చొప్పున ఏడాదికి 280 రోజులు పని దొరికించుకుంటే 2,52,000. హద్దు దాటిపోయారు. అంటే రోజూ పని దొరికిన కూలి కుటుంబం ఇవాళ పేదది కాదు అని లెక్క. ఈ హద్దు పెంచమని అడగడం మన గ్రూపు చేయాల్సిన పని, అబద్ధం అంకెలతో దాని కిందకి దూరడం కాదు. మనందరం నలభై వేలు, నలభై వేలు అని రాసుకుంటూ పోతే, రేపు ఎవరైనా రికార్డులు తీసి "ఎస్టీ కుటుంబాల ఆదాయం చాలా తక్కువ ఉంది, హద్దు పెంచాల్సిన అవసరమే లేదు" అంటారు. అప్పుడు మన సర్టిఫికెట్లే మనకు అడ్డం వస్తాయి.

ఈ ఏడు రిజెక్ట్ అయినవాళ్లు పేర్లు, నంబర్లు పెట్టకుండా, కారణం ఏమని చూపించిందో ఆ మాట, మండలం పేరు మాత్రం కింద రాయండి. పది, పదిహేను పోగైతే ఒకే అర్జీగా రాసి సోమవారం బాపట్ల తీసుకెళ్దాం. రాయడం నేను చేస్తాను, రావడానికి ఇద్దరు ముగ్గురు తోడు కావాలి.